చెవిలో పూస, పెసరగింజ, బొద్దింక: నూనె పోయాలా, వద్దా?

రాత్రి పన్నెండున్నరకి ఆరేళ్ల పిల్ల నిద్రలోంచి కెవ్వుమని లేచింది. ఒక చేత్తో చెవి గట్టిగా మూసుకుని "లోపల ఏదో పాకుతోందమ్మా" అని ఏడుపు. ఇంట్లో అందరూ లేచారు. నానమ్మ కొబ్బరినూనె సీసా కోసం వంటింట్లోకి నడిచింది. తాతయ్య ఉప్పునీళ్లు పోయమన్నాడు. వెలుతురు చూస్తే అదే బయటికొస్తుందని తండ్రి ఫోన్ టార్చ్ వేసి చెవిలోకి చూపిస్తున్నాడు. తల్లి జడలోంచి పిన్ను తీసింది.

అదే ఇంట్లో ఇంకో రోజు మధ్యాహ్నం. చేటలో పెసలు పోసి ఏరుతుంటే పక్కనే కూర్చున్న మూడేళ్ల పిల్లాడు ఒక గింజ తీసి చెవిలో పెట్టుకున్నాడు. నొప్పి లేదు, ఏడుపు లేదు. "నా చెవిలో పెసలు" అని నవ్వుతూ చెప్పాడు కూడా. ఈసారీ నానమ్మ నూనె సీసానే అందుకుంది.

ఈ రెండూ నేను కల్పించిన సన్నివేశాలే గానీ, మన ఇళ్లలో జరిగేది సరిగ్గా ఇలాగే. మొదటిసారి నానమ్మ చేసింది చాలావరకు సరైన పని. రెండోసారి అదే నూనె డాక్టరు పనిని కష్టం చేస్తుంది. చేతిలో ఉన్నది ఒకటే సీసా, పోసేది ఒకటే చెవి. లోపల ఉన్నది ఏమిటన్నదే తేడా. అందుకే "చెవిలో ఏదైనా పడితే ఏం చేయాలి" అన్న ప్రశ్నకి ఒక్క జవాబు ఉండదు. పూసకి ఒకటి, గింజకి ఒకటి, పురుగుకి ఒకటి. పూసలా కనిపిస్తూ పూస కానిది ఇంకొకటి ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

చెవి దారి ఎక్కడిదాకా పోతుంది?

ముందు ఒక భయం తీర్చేసుకుందాం. చెవిలో పడ్డ పురుగు మెదడులోకి పోదు, గింజ గొంతులోకి జారదు. బయటి చెవి దారి ఒక మూసుకుపోయిన సందు. పెద్దవాళ్లలో దాని పొడవు రెండున్నర సెంటీమీటర్లు, పిల్లల్లో ఇంకా తక్కువ. సందు చివర కర్ణభేరి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు. ఆ పొరకి చిల్లు లేనంతవరకు బయట పడ్డది ఏదైనా దానికి ఇవతలే ఉంటుంది.

ఈ సందు అంతా ఒకలా ఉండదు. బయటి భాగం మెత్తటి ఎముక, అంటే చెవి డొప్ప వంచితే వంగే లాంటి ఎముక. గులిమి తయారయ్యేది, సన్న వెంట్రుకలు ఉండేది ఇక్కడే. లోపలి భాగం గట్టి ఎముక. దాని మీద చర్మం గుడ్డు పెంకు లోపలి పొరంత పలచగా, ఎముకకి అతుక్కుని ఉంటుంది. బయటి భాగంలో వేలు తగిలితే చక్కిలిగింత. లోపలి భాగంలో ఇయర్ బడ్ కొస తగిలినా ప్రాణం పోయినంత నొప్పి, కాస్త గీసుకుంటే రక్తం.

ఈ రెండు భాగాలు కలిసే చోట దారి ఇరుకవుతుంది. పిల్లలు పెట్టుకున్న వస్తువు సాధారణంగా ఈ ఇరుకుకి ఇవతలే ఆగుతుంది. అది మన అదృష్టం. ఇవతల ఉన్నదాన్ని డాక్టరు రెండు నిమిషాల్లో తీసేయగలరు. తీద్దామని ఇంట్లో పిన్నుతోనో, చీపురు పుల్లతోనో ప్రయత్నిస్తే అది ఆ ఇరుకు దాటి అవతలి గుంటలో, కర్ణభేరి పక్కన పడుతుంది. అప్పుడు కదిలించినప్పుడల్లా నొప్పే, పిల్ల తల విదిలిస్తూనే ఉంటుంది, చివరికి మత్తు ఇచ్చి తీయాల్సి వస్తుంది. ఇయర్ బడ్ అయితే మరీ మోసం. దూది కట్టిన కొస దాదాపు ఆ దారంత వెడల్పు ఉంటుంది కాబట్టి తుపాకీ గొట్టంలో మందు కూరే కడ్డీలా ముందున్నదాన్ని నెట్టుకుంటూ పోతుంది.

ఇంకో చిన్న సంగతి. చెవి దారి చర్మానికి వచ్చే ఒక నరం కొమ్మ, గొంతుకి వెళ్లే నరానికి చెందినది. అందుకే కొందరికి చెవి గీక్కుంటే దగ్గు వస్తుంది. రోజుల తరబడి పొడిదగ్గు తగ్గని పిల్లల్లో అరుదుగా కారణం చెవిలో ఎప్పుడో పడ్డ పూసో, గింజో అయి ఉంటుంది. పిల్లలు చెప్పరు, లేదా చెప్పి మర్చిపోతారు. ఒక చెవి నుంచే వాసనతో చీము కారడం, ఒక పక్క నుంచి పిలిస్తే పలకకపోవడం కూడా ఇలాంటి ఆనవాళ్లే.

పూస: గుండ్రంగా ఉండటమే చిక్కు

తడి చింతగింజని రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకోవడానికి ప్రయత్నించండి. ఎంత గట్టిగా నొక్కితే అంత వేగంగా ముందుకి ఎగిరిపోతుంది. చెవిలో పూసని ట్వీజర్‌తో పట్టుకోబోతే జరిగేది ఇదే, కాకపోతే ఎగిరేది లోపలికి. ట్వీజర్ రెండు కొసలూ పూస సగభాగం దాటి అవతలికి వెళ్తేనే పట్టు దొరుకుతుంది. ఇరుకు దారిలో ఆ కొసలకి చోటెక్కడుంది?

డాక్టరు అసలు పట్టుకోవడానికే చూడరు. కొస వంచిన సన్నటి కొక్కెం పూస పైనుంచి పోనిచ్చి, వెనక్కి తిప్పి, ముందుకి లాగుతారు. లేదంటే గాలి పీల్చే సన్న గొట్టం ఆనించి తీస్తారు. లోపల దీపం, కంటికి భూతద్దమో మైక్రోస్కోపో ఉంటాయి. మనకి ఫోన్ టార్చ్, వణికే చెయ్యి.

మరి ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదా? ఒకటుంది. పూస పడ్డ చెవి కిందికి వచ్చేలా పిల్లని ఒళ్లో పక్కకి వాల్చి, చెవి డొప్పని మెల్లగా వెనక్కి లాగి కాస్త కదపడం. డొప్ప లాగితే వంకర దారి కొంచెం సాఫీ అవుతుంది. వదులుగా ఉన్న పూసైతే రాలిపోవచ్చు. తలని అరచేత్తో కొట్టడం మాత్రం వద్దు. ఈత కొట్టాక నీళ్లు దులుపుకున్నట్టు ఒంటికాలి మీద గెంతించడమూ వద్దు. రెండుమూడు సార్లు చూసి, రాకపోతే వదిలేయాలి.

ట్వీజర్ గురించి వైద్యుల సలహాలు అన్నిచోట్లా ఒక్కలా లేవు. వస్తువు బయటికి కనిపిస్తూ, మెత్తగా, పట్టుకోవడానికి వీలుగా ఉంటే ఇంట్లో మెల్లగా తీయొచ్చని కొన్ని ప్రథమ చికిత్స మార్గదర్శకాలు చెబుతాయి. అసలు ముట్టుకోవద్దని మరికొన్ని. నాకు ఈ రెండిటి మధ్యా నిజమైన గొడవ కనిపించదు. చెవి బయటికి తోకలా వేలాడుతున్న కాగితం ముక్క, దూది పింజ అయితే మొదటి మాట సరిపోతుంది. పూస దగ్గర రెండో మాటే చెల్లుతుంది, ఎందుకంటే పూసకి తోక ఉండదు.

సిరంజితో నీళ్లు కొట్టి పూసని బయటికి తేవడం కూడా ఒక పద్ధతే, ఆస్పత్రుల్లో చేస్తారు. కానీ అంతకుముందు కర్ణభేరికి చిల్లు లేదని చూస్తారు, నీళ్లు ఒంటి వేడికి సమానంగా ఉంచుతారు. చల్లటి నీళ్లు లోపలికి పోతే లోపలి చెవి కంగారుపడి కళ్లు తిరుగుతాయి, వాంతి అవుతుంది. ఆ రెండు జాగ్రత్తలూ ఇంట్లో కుదరవు. పైగా పూస విషయంలో అంత తొందరేమీ లేదు. నొప్పి, రక్తం, చీము లేని ప్లాస్టిక్ పూస రాత్రంతా చెవిలో ఉన్నా కొంప మునగదు. పొద్దున్నే తీసుకెళ్లొచ్చు.

వీడియోల్లో కనిపించే ఇంకో ఉపాయం, పుల్ల కొసకి ఫెవిక్విక్ లాంటి జిగురు రాసి పూసకి అంటించి లాగడం. పిల్ల ఒక్కసారి తల తిప్పితే ఆ జిగురు అంటేది చెవి చర్మానికి. అప్పుడు తీయాల్సినవి రెండవుతాయి.

గింజ: నీళ్లు తగిలితే పెరిగేది

పెసలు, మినుములు, శనగలు, బఠాణీలు, పల్లీలు, మొక్కజొన్న. వీటన్నిటికీ ఉన్న గుణం మన వంటింట్లో రోజూ చూసేదే. రాత్రి నానబెడితే పొద్దుటికి గిన్నె నిండుతుంది. అదే గుణం చెవిలో సమస్య.

ఒక చిన్న లెక్క వేద్దాం. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న గింజ ఒకటి చెవిలో ఉందనుకుందాం. నానితే దాని పరిమాణం రెట్టింపయిందనుకుంటే, వెడల్పు రెట్టింపు కాదు, ఇంచుమించు పావు వంతు పెరుగుతుంది. అంటే నాలుగు కాస్తా ఐదవుతుంది. వినడానికి ఒక్క మిల్లీమీటరే. కానీ పెద్దవాళ్ల చెవి దారే సుమారు ఏడు మిల్లీమీటర్ల వెడల్పు, చిన్నపిల్లల్లో అంతకంటే ఇరుకు. ఐదు మిల్లీమీటర్ల దారిలో నాలుగు మిల్లీమీటర్ల గింజ కదులుతుంది, పక్కనుంచి కొక్కెం పోవడానికి సందుంటుంది. అదే దారిలో ఐదు మిల్లీమీటర్ల గింజ బిరడాలా బిగుస్తుంది. ఎముక మీది పలచటి చర్మాన్ని అన్ని వైపులా ఒత్తుతుంది, ఆ చర్మం వాచి దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. పైగా నానిన గింజ మెత్తబడుతుంది, తీయబోతే చిదిగి ముక్కలవుతుంది.

అందుకే గింజకి నీళ్లు వద్దు, ఉప్పునీళ్లు వద్దు, ఇంట్లో మిగిలిపోయిన చెవి చుక్కలు వద్దు. తీసేదాకా తలస్నానం కూడా వద్దు.

నూనె సంగతి? ఇక్కడ నానమ్మ వైపు కూడా కొంత న్యాయం ఉంది. నూనెకి గింజ నీళ్లలో ఉబ్బినట్టు ఉబ్బదు. కానీ నూనె వల్ల మేలేమీ లేదు. గింజ తనంతట తాను ఈదుకుంటూ రాదు. నూనెలో మునిగిన గింజ మీద కొక్కెం జారుతుంది, డాక్టరుకి లోపల ఏదీ స్పష్టంగా కనిపించదు, ముందు ఆ నూనెంతా పీల్చి తీసి అప్పుడు అసలు పని మొదలుపెట్టాలి. అంటే పిల్లాణ్ణి కదలకుండా పట్టుకోవాల్సిన సమయం రెట్టింపు.

గింజకి గడువు పూసకంటే తక్కువ. చెవి లోపల ఎలాగూ కాస్త చెమ్మ ఉంటుంది, మనం నీళ్లు పోయకపోయినా అది మెల్లగా పీల్చుకుంటుంది. వీలైతే ఆ రోజే, లేదా మర్నాడు పొద్దున్నే చూపించాలి. "పడిపోతుందిలే" అని వారం ఆగితే వాపు, చీము, ఆ పైన మత్తు.

పూసకీ గింజకీ మధ్యన ఉండేది గురివింద. చూడటానికి ఎర్రటి పూస, నిజానికి గింజ. పెంకు బాగా గట్టిది కాబట్టి పెసరలా త్వరగా ఉబ్బదు, చెవిలో దాన్ని పూసలాగే తీస్తారు. గురివింద దగ్గర అసలు చూడాల్సింది చెవి కాదు, నోరు. కొరికి నమిలితే అందులో ఉన్నది తీవ్రమైన విషం. ఒక గింజ చెవిలో పెట్టుకున్న పిల్ల ఇంకొకటి నోట్లో వేసుకుందేమో ముందు చూడాలి. నమిలిందని అనుమానం వచ్చినా చెవి సంగతి పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి.

పురుగు: బతికున్నంతసేపే బాధ

చెవిలో జోరీగ అన్న మాట ఊరికే పుట్టలేదు. కర్ణభేరి మీద చీమ కాలు కదిలినా లోపల పెద్ద చప్పుడులా వినిపిస్తుంది. బొద్దింకయితే ఇంకా నరకం. అది తల ముందుకి పెట్టి దూరుతుంది, ఆ ఇరుకులో వెనక్కి తిరగడానికి చోటుండదు. కాళ్ల మీద ముళ్లలాంటి నూగు ఉంటుంది. బయటికి రాలేక గింజుకుంటున్నకొద్దీ ఆ ముళ్లు చర్మాన్నీ కర్ణభేరినీ గీస్తాయి. పిల్ల అరుపు గారాబం కాదు, నిజంగా అంత నొప్పి.

కాబట్టి పురుగు విషయంలో వరస మారుతుంది. పూసని, గింజని ముందు తీయాలి. పురుగుని ముందు చంపాలి, తర్వాత తీయాలి. బతికున్న పురుగుని పిన్నుతో పొడిస్తే అది లోపలికే పరుగెడుతుంది.

టార్చ్ మాటేమిటి? కొన్ని రెక్కల పురుగులు వెలుతురు వైపు వస్తాయి, అది నిజమే. బొద్దింక వెలుతురు నుంచి పారిపోతుంది. రాత్రి వంటింట్లో లైటు వేయగానే అవి గిన్నెల కిందికి దూరడం ఎవరు చూడలేదు? చెవిలో దూరింది ఏమిటో తెలియకుండా టార్చ్ వేయడమంటే బొమ్మా బొరుసూ వేసుకోవడమే.

నూనె ఎందుకు పనిచేస్తుందంటే, పురుగులు మనలా ముక్కుతో గాలి పీల్చవు. వాటి ఒంటి పక్కల వెంట సన్న రంధ్రాలుంటాయి. నూనె ఆ రంధ్రాల్లోకి పాకి మూసేస్తుంది, పురుగు ఊపిరాడక ఆగిపోతుంది. నీళ్లు అంత సులువుగా లోపలికి పోవు, ఎందుకంటే పురుగు ఒంటి మీద మైనంలాంటి పూత ఉంటుంది, నీళ్లు దాని మీద నుంచి జారిపోతాయి. తాతయ్య చెప్పిన ఉప్పునీళ్లు ఒక్కోసారి పురుగుని తేల్చి బయటికి తేవచ్చు, కొన్ని ప్రథమ చికిత్స పుస్తకాల్లో గోరువెచ్చటి నీళ్ల మాట కూడా ఉంది. కాకపోతే చంపడంలో నూనెదే పైచేయి. ఉప్పు వల్ల ఒరిగేదేమీ లేదు, చర్మం గీసుకుపోయి ఉంటే మంట తప్ప.

డాక్టర్ల దగ్గర ఇంకో ఆయుధం ఉంది. తిమ్మిరెక్కించే లిడోకైన్ మందు. దీని మీద ఒక తమాషా ఉదంతం 1985లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయింది. ఒక రోగి రెండు చెవుల్లో చెరో బొద్దింకతో ఎమర్జెన్సీకి వచ్చారు. పోలిక చూడటానికి ఇంతకంటే అవకాశం దొరకదని డాక్టర్లు ఒక చెవిలో నూనె, రెండో చెవిలో లిడోకైన్ వేశారు. నూనె వేసిన చెవిలో బొద్దింక కాసేపు గింజుకుని చచ్చింది, తర్వాత తీశారు. లిడోకైన్ వేసిన చెవిలోంచి బొద్దింక గిలగిల్లాడుతూ బయటికి దూకి నేల మీద పరుగు తీసింది. ఒక్క రోగిని చూసి ఏదీ తేల్చలేం, ఆ తర్వాత నూనెని మెచ్చుకున్న పరీక్షలూ వచ్చాయి. ఏదేమైనా లిడోకైన్ ఇంట్లో వాడేది కాదు. కర్ణభేరికి చిల్లుంటే అది లోపలికి పోయి గంటల తరబడి కళ్లు తిరిగేలా చేస్తుంది.

నూనె పోయడంలో ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు వేడి. గరిటెలో పోసి పొయ్యి మీద పెడతారు, పైకి గోరువెచ్చగా అనిపించే నూనె అడుగున కాలుతూ ఉంటుంది. మన ఎండలకి గదిలో ఉన్న నూనె అలాగే సరిపోతుంది. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడితే సీసాని వెచ్చటి నీళ్ల గిన్నెలో నిలబెట్టి కరిగించి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూడాలి. వేడిగానీ చల్లగానీ అనిపించకూడదు. బేబీ ఆయిల్, ఆలివ్ నూనె, మామూలు వంటనూనె, ఏదైనా పర్వాలేదు. కిరోసిన్, స్పిరిట్, శానిటైజర్ వద్దు.

ఎంత? పెద్దవాళ్ల చెవి దారిలో పట్టేదే సుమారు ఒక మిల్లీలీటరు. ఒక టీ స్పూన్ అంటే ఐదు. కాబట్టి పిల్లకి డ్రాపర్‌తోనో, శుభ్రమైన స్పూన్ అంచు నుంచో చుక్కలుగా, చెవి అంచుదాకా నిండేంత చాలు. పురుగున్న చెవి పైకి ఉండేలా పడుకోబెట్టి, డొప్ప మెల్లగా వెనక్కి లాగి పోయాలి. మొదటి అర నిమిషం పురుగు ఇంకా గట్టిగా గింజుకుంటుంది, పిల్ల ఇంకా ఏడుస్తుంది. ఆ మాట పిల్లకి ముందే చెప్పి ఉంచితే కాస్త నయం. ఐదు, పది నిమిషాలు అలాగే ఉంచి అప్పుడు చెవి కిందికి వాల్చాలి. పురుగు తేలి రావచ్చు, రాకపోవచ్చు. చచ్చిన పురుగు రాకపోయినా అసలు బాధ ఆగిపోయింది. మిగిలింది డాక్టరు పని.

నూనె పోయకూడని చెవులు కూడా ఉన్నాయి. చీము కారే అలవాటున్న చెవి, కర్ణభేరికి చిల్లుందని ఎప్పుడైనా చెప్పిన చెవి, ఆపరేషన్ అయిన చెవి, చిన్న గొట్టం అమర్చిన చెవి, ఇప్పుడు రక్తం వస్తున్న చెవి. వీటిలో నూనె కర్ణభేరి దాటి లోపలికి పోతుంది. పురుగే అని ఖాయంగా తెలియకపోయినా పోయకూడదు.

తెలుగులో "చెవిలో పురుగు" అంటే రెండు అర్థాలున్నాయి, అక్కడా తికమక అవుతుంది. ఎన్నాళ్లుగానో చీము కారుతున్న చెవి మీద ఈగలు వాలి గుడ్లు పెడితే లోపల తెల్లటి పురుగులు పుడతాయి. అది పాకి దూరిన పురుగు కాదు, అక్కడే పుట్టింది. ఆ చెవిలో చిల్లుండే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఏదీ పోయకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పూసలా మెరిసే బ్యాటరీ

"ఏం పెట్టుకున్నావు?" అని అడిగితే మూడేళ్ల పిల్లాడు "తెల్ల పూస" అంటాడు. అది బొమ్మ కారులోంచో, రిమోట్‌లోంచో, పాట పాడే గ్రీటింగ్ కార్డులోంచో ఊడిన గుండ్రటి బటన్ బ్యాటరీ కావచ్చు. చిన్నవి చెవిలో పడతాయి, ముక్కులో అయితే మరీ సులువుగా.

తడి చర్మం రెండు పక్కలా తగలగానే బ్యాటరీ గుండా కొద్దిగా కరెంటు పారుతుంది, దానివల్ల అక్కడి తడి సున్నంలాంటి ఘాటైన క్షారంగా మారుతుంది. బ్యాటరీ పగలనక్కర్లేదు, కారనక్కర్లేదు. బొమ్మ నడవడం మానేసిందని పక్కన పడేసిన పాత బ్యాటరీకైనా ఈ పని చేసేంత శక్తి మిగిలి ఉంటుంది. కొద్ది గంటల్లోనే చర్మం కాలడం మొదలవుతుంది, ఆలస్యమైతే కర్ణభేరి, దాని వెనకున్న చిన్న ఎముకలు కూడా దెబ్బతినొచ్చు. నూనె, నీళ్లు, చుక్కలు ఏవి పోసినా ఆ తడి దానికి సాయమే చేస్తుంది. అందుకే బ్యాటరీ అని అనుమానం వచ్చినా ఏమీ పోయకుండా, పొద్దుటిదాకా ఆగకుండా బయల్దేరాలి. ఏం పడిందో తెలియని వస్తువుని కూడా, తెలిసేదాకా బ్యాటరీలాగే చూడటం మంచిది.

మళ్లీ ఆ ఇంటికి

రాత్రి పన్నెండున్నర. పాకుతోందని పిల్లే చెబుతోంది, చెవి దగ్గర చెవి పెడితే గీకుతున్న చప్పుడు కూడా వస్తోంది. కాబట్టి బతికున్న పురుగు. ఈ పిల్లకి ఎప్పుడైనా చెవి కారిందా అని తల్లిని అడిగితే లేదంది. ఆస్పత్రి పట్నంలో, గంటన్నర దూరం. ఇక్కడ నానమ్మే గెలిచింది. గది వేడిలో ఉన్న నూనె, చెవి నిండేంత. పది నిమిషాలకి గింజులాట ఆగింది. పిల్ల తల్లి ఒళ్లోనే నిద్రపోయింది. పొద్దున్నే ప్రయాణం.

ఇదే ఇల్లు ఆస్పత్రికి పది నిమిషాల దూరంలో ఉంటే? ఇక్కడ డాక్టర్లే రెండు మాటలు చెబుతారు. ముందు కర్ణభేరి చూడనివ్వండి, మీరేమీ పోయకండి అని కొందరు. బతికున్న పురుగుతో పది నిమిషాలు కూడా పిల్లని హింసపెట్టొద్దు, పోసి తీసుకురండి అని కొందరు. రెండిటికీ కారణాలున్నాయి. దారి దగ్గరైతే, పిల్ల ఓర్చుకోగలిగితే మొదటిది. దూరమైతే రెండోది. చెవి చరిత్ర తెలియకపోతే మాత్రం దూరమైనా మొదటిదే.

పెసలు పెట్టుకున్న పిల్లాడి దగ్గర నానమ్మ సీసా పక్కన పెట్టేయాలి. ఒకసారి చెవి వాల్చి డొప్ప కదిపి చూసి, రాకపోతే రెండో చెవి, రెండు ముక్కు రంధ్రాలు కూడా చూడాలి. ఒక చోట పెట్టినవాడు ఇంకో చోటా పెట్టి ఉండొచ్చు. ఆ సాయంత్రమే తీసుకెళ్లాలి, చేటలోంచి అలాంటి గింజ ఇంకొకటి జేబులో వేసుకుని మరీ. పూసయితే అలాంటి పూస, బ్యాటరీ అయితే బొమ్మతో సహా. లోపల ఉన్నదాని సైజు, గట్టిదనం, బెజ్జం ఉందా లేదా అన్నది చేతిలో కనిపిస్తే ఏ పనిముట్టు తీయాలో డాక్టరు పిల్లాణ్ణి ముట్టుకోకముందే నిర్ణయించుకుంటారు.

డాక్టరు గదిలో

అక్కడ మొదటి ప్రయత్నానికి ఉన్న విలువ తర్వాతవాటికి ఉండదు. ఒకసారి నొప్పెట్టిన చెవిని పిల్ల మళ్లీ ముట్టుకోనివ్వదు, చర్మం వాస్తుంది, రక్తం అడ్డొస్తుంది. ఇంట్లో రెండుసార్లు, వీధి చివర మందుల షాపులో ఒకసారి ప్రయత్నించి వస్తే డాక్టరు దగ్గర జరిగేది నాలుగోది. అందుకని పెద్ద పూస, లోపలికి పోయిన గింజ, బాగా చిన్నపిల్లలు అయితే కొందరు డాక్టర్లు ఊరికే ప్రయత్నించకుండా నేరుగా మత్తులో తీద్దామంటారు. అది మొరటుతనం కాదు, పిల్ల కర్ణభేరి కాపాడే లెక్క.

మత్తు మాట వచ్చింది కాబట్టి, దారిలో ఏడుపు ఆపడానికి ఇచ్చే బిస్కెట్ గురించి చెప్పాలి. మత్తు ఇవ్వాలంటే మామూలుగా అన్నం, బిస్కెట్లు, ఆవుపాలు లాంటివి తిన్నాక ఆరు గంటలు, తల్లిపాలయితే నాలుగు గంటలు, మంచినీళ్లయితే రెండు గంటలు ఆగుతారు. బస్టాండులో కొనిచ్చిన ఒక్క క్రీమ్ బిస్కెట్ వల్ల ఆపరేషన్ సాయంత్రానికి వాయిదా పడొచ్చు. అలాగని పాలు తాగే పసిపిల్లని గంటల తరబడి మాడ్చడమూ తప్పే. బయల్దేరే ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి ఏం పడిందో చెప్పి, పిల్లకి ఏమైనా పెట్టొచ్చా అని అడిగితే సరి.

మామూలు ప్రయత్నమైతే పిల్లని తల్లి ఒళ్లో పక్కకి కూర్చోబెడతారు. తల్లి ఒక చెయ్యి పిల్ల రెండు చేతుల మీదుగా నడుము చుట్టూ, ఇంకో చెయ్యి నుదుటి మీద పెట్టి తలని గుండెకి ఆనించి పట్టుకోవాలి. పిల్ల కాళ్లు తల్లి మోకాళ్ల మధ్య ఉండాలి. వస్తువు బయటపడ్డాక డాక్టరు ఇంకోసారి లోపలికి చూస్తారు, వెనక రెండోది ఉందేమో, కర్ణభేరి బాగుందేమో అని. పురుగు ఇంట్లోనే తేలి బయటికొచ్చినా ఈ చూపు అవసరమే. చాలాసార్లు బయటికొచ్చేది ఒళ్లు, లోపల ఒక కాలో రెక్కో మిగిలిపోతుంది. నాలుగు రోజులకి చెవి వాసన కొట్టడం మొదలయ్యేది ఆ కాలు వల్లే.